గళ్లు పడిన జేపెగ్‌లో ఆకాశం మళ్లీ నునుపయ్యేదెలా

గోదావరి గట్టు మీద సాయంత్రం తీసిన ఒక గ్రూప్ ఫోటో ఉందనుకుందాం. వెనకాల ఆకాశం, ముందు పదిమంది మనుషులు. ఎవరో దాన్ని బాగా కుదించి పంపారు. తెరిచి చూస్తే మొహాలు ఫర్వాలేదు గానీ, ఆకాశం మాత్రం గళ్ల లుంగీలా కనిపిస్తుంది. "ఫోటో పగిలిపోయింది" అంటాం. నిజానికి పగిలిన తీరులో ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఫైల్ లోపలే రాసి ఉంటుంది. గళ్లు తీసే పని బాగా చేయాలంటే ముందు దాన్ని చదవాలి. చదవకుండా బొమ్మంతటి మీదా బ్లర్ కొడితే గళ్లతో పాటు కనుబొమ్మలు కూడా పోతాయి.

జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల చదరాలుగా కోస్తుంది. ఒక్కో చదరంలో 64 పిక్సెళ్లు ఉంటాయి. వాటిని డీసీటీ అనే గణిత మార్పిడితో 64 గుణకాలుగా మారుస్తుంది. మొదటిది డీసీ గుణకం. అది ఆ చదరం సగటు వెలుగును చెబుతుంది. మిగతా 63 ఏసీ గుణకాలు. చదరం లోపల వెలుగు ఎటు పెరిగింది, ఎంత వేగంగా మారింది అన్నది వాటిలో ఉంటుంది. ఇంతవరకు పోయిందేమీ లేదు. నష్టం తర్వాతి మెట్టులో, అంటే క్వాంటైజేషన్‌లో జరుగుతుంది. ప్రతి గుణకాన్నీ ఒక అంకెతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సర్దేస్తారు. అలా భాగించే 64 అంకెల పట్టిక ఫైల్‌లోనే ఉంటుంది.

1992 నాటి జేపెగ్ ప్రమాణం ఉదాహరణగా ఇచ్చిన వెలుగు పట్టికలో డీసీకి 16, దాని పక్కనున్న మొదటి ఏసీకి 11 ఉంటాయి. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు వాడే లిబ్‌జేపెగ్ లెక్కలో క్వాలిటీ 50 అంటే ఈ పట్టిక ఉన్నది ఉన్నట్టుగా. క్వాలిటీ 10 అంటే ప్రతి అంకెకూ ఐదు రెట్లు. అప్పుడు డీసీకి 80, మొదటి ఏసీకి 55 అవుతాయి. గుణకాల లెక్కలో డీసీ అంటే సగటు వెలుగుకు ఎనిమిది రెట్లు. కాబట్టి 80 మెట్టు అంటే, చదరం సగటు వెలుగు పదేసి స్థాయిల గెంతులతో మాత్రమే నమోదవుతుంది. నలుపు నుంచి తెలుపు దాకా ఉన్నవే 256 స్థాయిలు. పది అంటే కంటికి తెలిసిపోయే తేడా.

ఇప్పుడు మన ఆకాశాన్ని ఈ పట్టిక గుండా నడిపిద్దాం. ఎడమ నుంచి కుడికి వెలుగు పిక్సెల్‌కు అర స్థాయి చొప్పున మెల్లగా పెరుగుతోందనుకుందాం. చదరానికి ఎనిమిది పిక్సెళ్లు కనుక పక్కపక్క చదరాల సగటులో తేడా నాలుగు. వరసగా ఆరు చదరాల సగటులు 150, 154, 158, 162, 166, 170 అనుకుందాం. జేపెగ్ ముందుగా 128 తీసేస్తుంది, తర్వాత ఎనిమిదితో గుణిస్తే డీసీ వస్తుంది, దాన్ని 80తో భాగించాలి. వచ్చేవి 2.2, 2.6, 3.0, 3.4, 3.8, 4.2. సర్దితే 2, 3, 3, 3, 4, 4. తిరిగి వెలుగులోకి మారిస్తే 148, 158, 158, 158, 168, 168. నాలుగేసి చొప్పున సాఫీగా ఎక్కాల్సిన వాలు కాస్తా, పదేసి ఎత్తున్న రెండు మెట్లుగా మిగిలింది.

చదరం లోపలి వాలు సంగతి ఇంకా అన్యాయం. అర స్థాయి వాలుకు మొదటి ఏసీ గుణకం సుమారు 9 వస్తుంది. మెట్టు 55 కాబట్టి 27.5 లోపు ఏది వచ్చినా సున్నా. అంటే క్వాలిటీ 10లో పిక్సెల్‌కు దాదాపు ఒకటిన్నర స్థాయి కంటే నెమ్మదిగా మారే ఏ వాలైనా చదరం లోపల పూర్తిగా చదునైపోతుంది. మొహాలు ఫర్వాలేదనిపించి, ఆకాశం, గోడ, నీళ్లు గళ్లు పడటానికి కారణం ఇదే. కళ్లు, మీసం, చీర అంచు లాంటి చోట్ల గుణకాలు పెద్దవి, అందుకే అవి సున్నా కాకుండా బతుకుతాయి. నునుపైన చోట్ల అన్నీ చిన్నవే, అన్నీ పోతాయి.

అసలు విషయం ఇక్కడుంది. ఫైల్‌లో రెండో చదరానికి "3" అని రాసి ఉంది. ఫైల్‌ను తిరిగి బొమ్మగా విప్పే డీకోడర్ దాన్ని 158గా చూపిస్తుంది. కానీ ఆ 3కు అర్థం 158 అని కాదు, సగటు 153కూ 163కూ మధ్య ఎక్కడో ఉంది అని. నిజమైన 154 ఆ హద్దులోనే ఉంది. మూడో చదరం 158, నాలుగో చదరం 162 కూడా అదే హద్దులో ఉన్నాయి. ఏసీ గుణకం "0" అంటే వాలు లేదని కాదు, −27.5కూ +27.5కూ మధ్య ఉందని. డీకోడర్ ప్రతిసారీ హద్దు నడిమి విలువను ఎంచుకుంటుంది. అది తప్పేమీ కాదు. కానీ పక్క చదరం ఏం చెబుతోందో అది చూడదు. ఆరు చదరాలనూ కలిపి చూస్తే, ఆ హద్దులన్నిటిలోనూ ఇమిడే సాఫీ వాలు ఒకటి ఉందని తెలుస్తుంది. గళ్లు తీయడమంటే ఫైల్ చెప్పిన హద్దులు దాటకుండా, అతుకులు కనపడని బొమ్మను వెతకడం.

ఈ ఆలోచన కొత్తది కాదు. పరిశోధకురాలు అవిదే జఖోర్ 1992లో ప్రచురించిన పద్ధతి ఇలాంటిదే: బొమ్మను కాస్త నునుపు చేయాలి, మళ్లీ డీసీటీ తీయాలి, ఏ గుణకమైనా తన హద్దు దాటిపోతే దాన్ని వెనక్కి లాగి హద్దు లోపల పెట్టాలి, మళ్లీ నునుపు చేయాలి. ఇలా కొన్నిసార్లు తిప్పాలి. వెనక్కి లాగడం ఎందుకు ముఖ్యమో ఒక కనుబొమ్మ దగ్గర చూడొచ్చు. అక్కడ ఒక గుణకం "3"గా నమోదైంది, మెట్టు 55 అనుకుందాం. అంటే దాని అసలు విలువ 137.5కూ 192.5కూ మధ్య ఉండేది. నునుపు చేశాక అది 90కి పడిపోతే, ఆ కనుబొమ్మ ఫైల్‌లో ఉన్నదానికంటే పలచబడినట్టే. మామూలు బ్లర్ దీన్ని పట్టించుకోదు. హద్దులు చూసే పద్ధతి దాన్ని 137.5కు తిరిగి లాగుతుంది. ఆకాశంలో మాత్రం సున్నా నుంచి −9కి జరిగిన గుణకం హద్దులోనే ఉంది కనుక దాన్ని ముట్టుకోదు. ఒకే నియమం ఒక చోట నునుపు కానిస్తుంది, ఇంకో చోట ఆపుతుంది. ఎక్కడ ఆపాలో చేత్తో మాస్క్ గీయక్కర్లేదు.

ఉచితంగా దొరికే `jpeg2png`, `jpegqs` రెండూ ఈ దారిలోనివే. రెండింటికీ అసలు జేపెగ్ ఫైలే కావాలి, ఎందుకంటే పట్టిక, గుణకాలు అందులోనే ఉన్నాయి. బొమ్మను పీఎన్‌జీగా మార్చి ఇస్తే వాటి చేతికి ఏ హద్దులూ అందవు. `jpeg2png` గీతల బొమ్మలు, కార్టూన్లు, లోగోల వంటి చదునైన రంగుల మీద బాగా నడుస్తుంది. ఫోటోలకు `jpegqs` వాడటం మేలు.

రంగుల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. జేపెగ్ సాధారణంగా రంగు సమాచారాన్ని వెలుగులో సగం కొలతకు తగ్గించి దాస్తుంది, అటు అడ్డంగానూ ఇటు నిలువుగానూ. అంటే రంగు 8×8 చదరం ఒకటి ఫోటోలో 16×16 పిక్సెళ్లను కప్పుతుంది. క్వాలిటీ 10లో రంగు డీసీ మెట్టు 85. బుగ్గ మీద ఒక చదరం గులాబీగా, పక్కది ఆకుపచ్చగా తేలేది దీనివల్లే. వెలుగు గళ్లు పోయాక కూడా చర్మం మరకలు మరకలుగా ఉందంటే రంగు పొరలను ఎవరూ శుభ్రం చేయలేదని అర్థం. సీబీ, సీఆర్ అనే ఆ రెండు రంగు పొరలను వాటి చిన్న కొలతలోనే, పెద్దది చేయకముందే సరిచేయాలి.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, మన చేతికి వచ్చే ఫోటో చాలాసార్లు రెండో మూడో చేయి దాటి వస్తుంది. ఒకరు క్వాలిటీ 10లో కుదించారు, ఇంకొకరు స్క్రీన్‌షాట్ తీశారు, మరొకరు దాన్ని క్వాలిటీ 90లో మళ్లీ సేవ్ చేశారు. ఇప్పుడు ఫైల్‌లో ఉండే పట్టిక చివరిసారిది మాత్రమే. అందులో మెట్లు చిన్నవి, హద్దులు ఇరుకు. ఆ హద్దులు నిజాన్ని కాదు, గళ్లు పడిన బొమ్మనే కాపాడతాయి. కాబట్టి ముందు పట్టికనూ, కంటికి కనిపిస్తున్న గళ్లనూ పోల్చుకోవాలి. పైథాన్ పిల్లో లైబ్రరీ ఉంటే కొన్ని వరుసల్లో తెలిసిపోతుంది:

```python
import numpy as np
from PIL import Image
im = Image.open("photo.jpg")
print(im.quantization[0][0])
a = np.asarray(im.convert("L"), dtype=float)
d = np.abs(np.diff(a, axis=1)).mean(axis=0)
for k in range(8):
    print(k, round(d[k::8].mean(), 2))
```

మొదట అచ్చయ్యేది డీసీ మెట్టు. తర్వాతి ఎనిమిది అంకెలు, పక్కపక్క నిలువు వరుసల మధ్య సగటు తేడాలు, ఎనిమిదేసి చొప్పున వేరు చేసినవి. గళ్లు ఉన్న బొమ్మలో వీటిలో ఒకటి మిగతా ఏడింటికంటే స్పష్టంగా పెద్దదిగా ఉంటుంది. అది 7 దగ్గర ఉంటే గళ్ల అతుకులు ఫైల్ చదరాలతో సరిగ్గా సరిపోతున్నాయి. మెట్టు కూడా 40, 80 లాంటి పెద్ద అంకె అయితే హద్దుల పద్ధతి హాయిగా వాడొచ్చు. అదే పెద్ద అంకె 4 దగ్గర కనిపిస్తే, ఎడమ వైపు నుంచి మూడు వరుసలు (లేదా ఎనిమిది, పదహారు కలిపి అంతే) ఎవరో కత్తిరించి మళ్లీ సేవ్ చేశారన్నమాట. ఎనిమిదీ దాదాపు సమానంగా ఉండి, కంటికి మాత్రం గళ్లు కనిపిస్తుంటే, బొమ్మ కొలత మార్చారు. 1280 వెడల్పు ఫోటోను 960కి తగ్గిస్తే 8 పిక్సెళ్ల గడి 6 అవుతుంది. 1080కి తగ్గిస్తే 6.75 అవుతుంది, అప్పుడు అతుకు పిక్సెళ్ల మధ్యలో పడి మసకబారుతుంది. అలాంటి బొమ్మలో ఎనిమిదో వరుస కోసం వెతికే ఫిల్టర్ తప్పు చోట నునుపు చేసి, అసలు అతుకులను అలాగే వదిలేస్తుంది.

ఈ సమస్యను వేరే వైపు నుంచి దాటే పద్ధతి ఇంకొకటి ఉంది. పరిశోధకుడు అరియా నొస్రతీనియా 2001 ప్రాంతంలో ప్రతిపాదించినది, వినగానే వింతగా తోస్తుంది: జేపెగ్ గళ్లు పోగొట్టడానికి బొమ్మను మళ్లీ జేపెగ్ చేయడం. బొమ్మను ఒక పిక్సెల్ పక్కకు జరిపి కుదించాలి, విప్పి తిరిగి జరిపి పెట్టాలి. తర్వాత రెండు పిక్సెళ్లు, తర్వాత ఒకటి కిందికి, ఇలా అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, మొత్తం 64 రకాలుగా చేసి అన్నిటి సగటు తీయాలి. ప్రతిసారీ కొత్త గళ్లు వేరే చోట పడతాయి కనుక సగటులో ఏ అతుకూ మిగలదు. పాత అతుకు మాత్రం 64లో ఎక్కువసార్లు ఏదో ఒక చదరం నడుమ పడి, అక్కడ చిన్న గుణకంగా మారి కొట్టుకుపోతుంది.

మన ఆకాశంలోని 148, 158 మధ్య మెట్టును ఇందులో పెట్టి చూద్దాం. నాలుగు పిక్సెళ్లు జరిపితే కొత్త చదరంలో సగం 148, సగం 158. పది స్థాయిల ఆ గెంతుకు మొదటి ఏసీ గుణకం సుమారు 36 వస్తుంది. కాబట్టి చిన్న గుణకాలను కొట్టేసే గీత 36 కంటే పైన పెడితే మెట్టు కరిగిపోయి, చదరమంతా 153 అవుతుంది. అన్ని స్థానాల సగటు తీస్తే ఆ గెంతు సుమారు పదిహేను పిక్సెళ్ల మీద సాఫీగా పరుచుకుంటుంది. గీతను 30 దగ్గర పెడితే 36 బతుకుతుంది, అతుకు అక్కడే ఉంటుంది. 150 దగ్గర పెడితే అతుకుతో పాటు కనుబొమ్మ వెంట్రుకలూ పోతాయి. ఇక్కడ పట్టికలోని హద్దులు కాపాడవు, మనం పెట్టే ఒక్క అంకె మీదే అంతా ఆధారపడుతుంది. అది ఈ పద్ధతి బలహీనత. గళ్లు ఎక్కడ పడ్డాయో దానికి తెలియక్కర్లేదు. అది బలం. కొలత బాగా మారిన బొమ్మలో మాత్రం దీనికీ పూర్తి ఫలితం రాదు.

తక్కువ బిట్‌రేట్ వీడియోకు సరిగ్గా ఈ బలమే కావాలి. 1990ల చివర్లో, 2000ల మొదట్లో తెలుగు ఇళ్లలోకి పెళ్లి వీడియోలు, పాటలు వీసీడీల మీద వచ్చాయి. వీసీడీ వీడియో ఎంపెగ్-1. మన దగ్గర వాడిన పాల్ పద్ధతిలో 352×288 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు, వీడియోకు సెకనుకు 1150 కిలోబిట్లు. పెళ్లి పందిట్లో అక్షింతలు పడే క్షణంలో, ప్రతి పిక్సెలూ కదులుతున్నప్పుడు, ఆ బిట్లు ఏ మూలకూ చాలవు. తెరంతా గళ్లు లేస్తాయి.

ఫోటోకూ వీడియోకూ ఒక పెద్ద తేడా ఉంది. వీడియోలో కొన్ని ఫ్రేములు మాత్రమే జేపెగ్‌లా పూర్తిగా సొంతంగా ఉంటాయి. మిగతావి "పోయిన ఫ్రేములో ఫలానా ముక్కను తీసుకుని మూడు పిక్సెళ్లు పక్కకు జరిపి ఇక్కడ పెట్టు" అనే ఆదేశాలతో తయారవుతాయి. పాత ఫ్రేములోని అతుకు కూడా ఆ ముక్కతో పాటే జరుగుతుంది. ఎంపెగ్-1లో ఆ జరుగుడు అర పిక్సెల్ దాకా ఉండొచ్చు. అందువల్ల గళ్ల అంచులు ఎనిమిదో వరుసలో నిలవవు, చదరాల నడుమకు కొట్టుకొస్తాయి. అతుకు చోటును నమ్ముకున్న ఫిల్టర్ సొంత ఫ్రేముల్లో బాగా పనిచేసి, మధ్య ఫ్రేముల్లో తడబడుతుంది. చూసేవారికి అది అర సెకనుకోసారి బొమ్మ తేటపడి మళ్లీ మసకబారినట్టు కనిపిస్తుంది. ఆ ఊపిరి తీసినట్టుండే కదలిక గళ్లకంటే ఎక్కువ చికాకు పెడుతుంది.

వీడియోలను మార్చే ఉచిత సాధనం ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఉన్న `spp` ఫిల్టర్ 64 స్థానాల ఆలోచనకే వీడియో రూపం. దాని `quality` అంకె ఎన్ని స్థానాలు చూడాలో చెబుతుంది: 5 అంటే 32, 6 అంటే మొత్తం 64. `qp` అంకె గీత ఎంత ఎత్తులో ఉండాలో చెబుతుంది. వీసీడీలోని `MPEGAV` ఫోల్డర్ నుంచి ఫైల్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నాక ఇలా నడపొచ్చు:

```
ffmpeg -i AVSEQ01.DAT -vf "spp=quality=5:qp=8,scale=768:576" -c:v libx264 -crf 18 -c:a copy out.mkv
```

ఇందులో వరుస చాలా ముఖ్యం. ముందు `spp`, తర్వాతే `scale`. పెద్దది చేశాక గళ్లు తీయాలని చూస్తే, 8 పిక్సెళ్ల అతుకు 17 పిక్సెళ్ల గడికి సాగి, అంచు వాలుగా మారి, ఫిల్టర్‌కు అది బొమ్మలోని నిజమైన గీతలాగే అనిపిస్తుంది.

`qp`ను ఎంచుకోవడానికి ఒక నమ్మకమైన దారి ఉంది. పది సెకన్ల ముక్క తీసుకుని 4తో మొదలుపెట్టి పెంచుతూ పోవాలి. ప్రతిసారీ ఫిల్టర్ ముందు బొమ్మకూ తర్వాతి బొమ్మకూ తేడాను చూడాలి:

```
ffplay AVSEQ01.DAT -vf "split[a][b];[b]spp=5:8[c];[a][c]blend=all_mode=difference,eq=brightness=0.6:contrast=2:saturation=0"
```

తేడా బొమ్మలో చదరాల గీతలు, అంచుల చుట్టూ దోమల్లా ముసిరే మచ్చలు మాత్రమే కనిపిస్తే ఫిల్టర్ తన పని తాను చేస్తోంది. అందులో పెళ్లికూతురి మొహం ఆకారం, చీర జరీ తేలడం మొదలైతే నిజమైన వివరం పోతోందన్నమాట. అక్కడికి ఒక అడుగు వెనక్కి వచ్చి ఆగాలి. గోడ మీద కొద్దిగా గళ్లు మిగిలినా ఫర్వాలేదు. పోయిన జరీ మళ్లీ రాదు.

2003లో వచ్చిన హెచ్.264 వీడియోల కథ వేరు. అందులో గళ్లు తీసే ఫిల్టర్ కోడెక్ లోపలే ఉంటుంది. ప్రతి అంచు దగ్గర అటూ ఇటూ పిక్సెళ్ల తేడాను చూసి, తేడా చిన్నదైతే అది కుదింపు వల్ల వచ్చిన అతుకని, పెద్దదైతే బొమ్మలోని నిజమైన అంచని తీర్మానిస్తుంది. ఏది చిన్న అన్నది ఆ చోట ఎంత గట్టిగా కుదించారన్న దాన్ని బట్టి మారుతుంది. పైగా శుభ్రం చేసిన ఫ్రేమునే తర్వాతి ఫ్రేముకు ఆధారంగా వాడుతుంది కనుక అతుకులు ముందుకు పాకవు. అందుకే తక్కువ బిట్‌రేట్ హెచ్.264 వీడియో గళ్లుగా కాకుండా, మైనం పూసినట్టు చెడుతుంది. దాని మీద మళ్లీ `spp` వేయడం వల్ల లాభం లేదు. మిగిలిన కాస్త వివరమూ పోతుంది. ఒకవేళ గళ్లు కనిపిస్తున్నాయంటే అవి ఎక్కువగా పాత వీసీడీ నుంచి మోసుకొచ్చినవే. అసలు డిస్కు ఎవరి బీరువాలోనైనా ఉందేమో అడగడం అప్పుడు మేలైన పని.

తిరిగి ఫోటో దగ్గరికి వద్దాం. పని బాగా అయిందా లేదా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. దాన్ని న్యూరల్ నెట్‌వర్కులు శుభ్రం చేసిన బొమ్మలకు కూడా పెట్టొచ్చు. అవి కొన్నిసార్లు ఫైల్‌లో లేని వెంట్రుకలు, ముడతలు అందంగా గీసి పెడతాయి. వచ్చిన బొమ్మను, మొదటి ఫైల్‌లోని అదే పట్టికతో, అదే చదరాల వరుసతో మళ్లీ కుదించాలి. శుభ్రం చేసిన ప్రతి గుణకమూ తన హద్దు లోపలే ఉండి ఉంటే, అంకెలు మళ్లీ అవే రావాలి: 2, 3, 3, 3, 4, 4. ఆకాశం మళ్లీ 148, 158, 168 మెట్లుగా, గళ్లు గళ్లుగా మారాలి. ఎక్కడైనా అంకె మారితే, ఆ చోట సాధనం ఫైల్ చెప్పిన మాట కాదని తన ఊహ పెట్టింది. ఫలితాన్ని 8 బిట్లకు సర్దడం వల్ల హద్దు అంచున ఉన్న ఒకటీ అరా గుణకం అటూ ఇటూ జరగొచ్చు, దాన్ని లెక్క చేయక్కర్లేదు. కానీ ఒక కన్ను చుట్టూ ఉన్న చదరాలన్నీ మారితే ఆ కన్ను ఫోటోలోని మనిషిది కాదు.

ఇదే పరీక్ష ఇంకో సంగతి కూడా చెబుతుంది. శుభ్రం చేసిన ఫోటోను మళ్లీ తక్కువ క్వాలిటీలో సేవ్ చేస్తే తీసిన గళ్లన్నీ ఉన్నచోటికే వస్తాయి. క్వాలిటీ 95లో డీసీ మెట్టు 2, అంటే సగటు వెలుగు పావు స్థాయి గెంతులతో నమోదవుతుంది. మన ఆకాశంలోని నాలుగు స్థాయిల తేడా దాంట్లో సులువుగా పడుతుంది. ఫైల్ కాస్త పెద్దదవుతుంది. దాన్ని బంధువులకు పంపేటప్పుడు మెసేజింగ్ యాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేస్తే, దారిలో మరోసారి కుదింపు పడదు.